తెరిచిన అరచెయ్యి, బిగించిన పిడికిలి: కొత్త బంధం మొదట్లో రెండు ఏస్‌లు

(టారో నేర్చుకుంటున్నవారి సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం నేను రెండే రెండు కార్డుల గురించి మాట్లాడతాను. డెక్కులో డెబ్బై ఎనిమిది కార్డులు ఉండగా రెండింటికే ఇంత సమయం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ కొత్తగా ఒక పరిచయమో, ఒక సంబంధమో మొదలైనప్పుడు మన దగ్గరకు వచ్చేవారు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది ఏమిటి?" ఆ ప్రశ్నకు ఏస్ ఆఫ్ కప్స్ వస్తే మనం ఒక మాట చెబుతాం, ఏస్ ఆఫ్ వాండ్స్ వస్తే మరో మాట చెబుతాం. ఆ రెండు మాటలనూ చాలామంది రీడర్లు ఎలా చెబుతున్నారో మీకు తెలుసు. కప్స్ వస్తే ప్రేమ, వాండ్స్ వస్తే మోజు. కప్స్ వస్తే మంచిది, వాండ్స్ వస్తే జాగ్రత్త. ఇది తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ తప్పు వల్ల మనుషులు మంచి సంబంధాలను అనుమానించడమూ, తమ మనసును తామే తక్కువగా చూసుకోవడమూ నేను చూశాను. అందుకే ఈ రోజు ఈ విషయం మీదనే ఉంటాను.

ముందు చిత్రాలు చూద్దాం. మీ చేతిలో రైడర్ వెయిట్ డెక్కు ఉంటే ఆ రెండు కార్డులూ తీసి పక్కపక్కన పెట్టుకోండి. వెనుక వరుసలో డెక్కు లేనివారు పక్కవారి కార్డులు చూడండి, చూడకుండా వింటే ఈ మాటలు సగమే అందుతాయి. ఈ చిత్రాలను 1909లో లండన్‌లో పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీశారు. వాటికి రూపకల్పన చేసినవారు ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్. ఆ ఇద్దరూ గోల్డెన్ డాన్ అనే గూఢవిద్యా సంఘంలో సభ్యులుగా ఉన్నవారు. ఆ సంఘం పాఠాల్లో ఏస్ ఆఫ్ వాండ్స్‌ను అగ్ని శక్తుల మూలమనీ, ఏస్ ఆఫ్ కప్స్‌ను జల శక్తుల మూలమనీ పిలిచేవారు. మూలం అన్న మాటను గుర్తుపెట్టుకోండి. ఏస్ అంటే అగ్ని కాదు, నీరు కాదు. అవి ఇంకా ఏ ఆకారమూ తీసుకోని తొలి స్థితి.

ఇప్పుడు రెండు కార్డుల్లోనూ ఒకేలా ఉన్నది ఏమిటో చెప్పండి. మబ్బు, అవును. మబ్బులోంచి వచ్చిన చెయ్యి, అవును. ఆ చెయ్యి రెండింటిలోనూ మనకు కుడివైపు నుంచే వస్తోంది, అదీ గమనించండి. కత్తుల ఏస్‌లోనూ నాణేల ఏస్‌లోనూ ఎడమ నుంచి వస్తుంది. అంటే ఈ రెండు కార్డులూ ఒక జంట. ఇంకొకటి ఉంది, ఇదే అందరూ దాటిపోయే విషయం: రెండు కార్డుల్లోనూ మనిషి లేడు. స్త్రీ లేదు, పురుషుడు లేడు, ఇద్దరు అసలే లేరు. ఒక చెయ్యి ఏదో అందిస్తోంది. ఎవరికి అందిస్తోంది? కార్డును చూస్తున్నవారికి. కాబట్టి ఏస్ ఆఫ్ కప్స్ వచ్చినప్పుడు "అతను మిమ్మల్ని ప్రేమిస్తున్నాడు" అని చెప్పే హక్కు ఆ కార్డు మనకు ఇవ్వడం లేదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి పాత్రలు అందించుకునే చిత్రం టూ ఆఫ్ కప్స్. పరస్పరం అన్న మాట అక్కడ మొదలవుతుంది. ఏస్‌లో ఇంకా పరస్పరం లేదు. ఒకరి ముందుకు ఏదో వచ్చి నిలిచింది, అంతవరకే.

సరే, తేడా ఎక్కడుంది? అందరూ నీటినీ, కర్రనూ చూస్తారు. నేను చేతిని చూడమంటాను. ఏస్ ఆఫ్ కప్స్‌లో చెయ్యి ఎలా ఉంది? అరచెయ్యి తెరిచి ఉంది, పాత్ర దాని మీద నిలిచి ఉంది. ఆ చెయ్యి పాత్రను పట్టుకుని లాగడం లేదు, బిగించడం లేదు. ఏస్ ఆఫ్ వాండ్స్‌లో వేళ్లన్నీ కర్ర చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. ఒకటి మోస్తున్న చెయ్యి, మరొకటి పట్టుకున్న చెయ్యి. కొత్త బంధాన్ని చదవడానికి నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన తేడా ఇదే. ఒక బంధం మనలో స్వీకరించే గుణాన్ని మేల్కొలుపుతుంది. మరొక బంధం మనలో చేసే గుణాన్ని మేల్కొలుపుతుంది. మొదటిది కప్స్, రెండవది వాండ్స్. ఇందులో ఎక్కువ తక్కువలు ఎక్కడున్నాయి? లేవు.

చేతి తరువాత దిక్కు చూడండి. కప్స్‌లో అన్నీ కిందికి దిగుతున్నాయి. పావురం కిందికి దిగుతోంది, పాత్రలోంచి ధారలు కిందికి పడుతున్నాయి, చుట్టూ బిందువులు రాలుతున్నాయి, కింద తామరలున్న కొలను వాటిని అందుకుంటోంది. వెయిట్ తన వివరణలో నాలుగు ధారలని రాశారు, చిత్రంలో లెక్కపెడితే ఐదు కనిపిస్తాయి. దాని మీద చాలా చర్చ ఉంది గానీ మన విషయానికి అది అవసరం లేదు. పావురం ముక్కులో గుండ్రని చిన్న అప్పం ఉంది, దాని మీద సిలువ గుర్తు ఉంది. మనలో క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చినవారికి అదేమిటో చెప్పనవసరం లేదు. ప్రభు సంస్కారంలో ఇచ్చే అప్పం అది. ఈ కార్డు అర్థాల్లో వెయిట్ ప్రభువు బల్లను కూడా పేర్కొన్నారు. అడిగి తెచ్చుకున్నది కాదు, సంపాదించుకున్నది కాదు, పైనుంచి దిగివచ్చినది అన్న భావం చిత్రమంతా నిండి ఉంది.

వాండ్స్‌లో ఆ కర్ర నిలువుగా నిలబడి ఉంది. దానికి చిగుళ్లు ఉన్నాయి, కొన్ని ఆకులు గాలిలో రాలుతున్నాయి. దూరంగా నది, కొండ, కొండ మీద కోట. ఆ కోటను ఎందుకు గీశారు? చేరవలసిన చోటు ఒకటి ఉందని. కప్స్‌లో అలా చేరవలసిన కోట లేదు, అక్కడికక్కడే అన్నీ జరుగుతున్నాయి. ఇంకొకటి చూడండి: ఆ కర్ర బతికే ఉంది, చిగురిస్తోంది, కానీ దానికి వేరు లేదు. చెట్టు నుంచి వేరుచేసిన కొమ్మ అది, గాలిలో ఉంది. దాన్ని ఎక్కడో ఒకచోట నాటాలి. నాటడం అనే పని మిగిలే ఉంది. వాండ్స్ బంధాల్లో ఉన్న ఆతురత, ఆ వేడి, ఆ "వెంటనే ఏదో ఒకటి చేద్దాం" అన్న తొందర అక్కడి నుంచి వస్తుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఏస్ ఆఫ్ వాండ్స్ అంటే దేహ వాంఛ అని ఒక్క ముక్కలో తేల్చేవారు వెయిట్ ఇచ్చిన అర్థాలను ఒక్కసారి చదివితే బాగుంటుంది. సృష్టి, నూతన కల్పన, ఒక కార్యానికి ఆరంభం, మూలం, పుట్టుక, కుటుంబం: ఇవన్నీ ఆయన ఆ కార్డుకు ఇచ్చారు. పురుషశక్తి అన్న మాట కూడా ఉంది, కాదనను. కానీ ఆ జాబితాలో అది ఒకటి, మొత్తం కాదు. కుటుంబం అన్న మాట ఏస్ ఆఫ్ వాండ్స్ కింద ఉందని మీలో ఎంతమందికి తెలుసు? అలాగే ఏస్ ఆఫ్ కప్స్ కింద నిజమైన హృదయపు ఇల్లు, ఆనందం, తృప్తి, పోషణ, సమృద్ధి అని రాశారు. పెళ్లి అన్న మాట అక్కడ లేదు. మన వైపు తల్లిదండ్రులు సంబంధం గురించి అడగడానికి వచ్చినప్పుడు ఏస్ ఆఫ్ కప్స్ కనిపించగానే "ఖాయం" అనేస్తున్నాం. హృదయం నిండడం వేరు, ఒప్పందం కుదరడం వేరు.

గుర్తుపట్టే విధానం

ఇప్పుడు అసలు పనికి వద్దాం. కార్డు వచ్చింది, ఎదురుగా మనిషి కూర్చున్నారు. ఆ కార్డు వారి జీవితంలో ఎలా కనిపిస్తోందో ఎలా తెలుసుకోవాలి? నేను మొదట చేసేది వినడం. "మొదలైనప్పటి నుంచి ఇప్పటివరకు ఏం జరిగిందో చెప్పండి" అని అడిగి ఆగుతాను. వారు చెబుతున్నప్పుడు క్రియలను వింటాను. కొందరు ఇలా చెబుతారు: కలిశాం, వెళ్లాం, అనుకున్నాం, మొదలుపెట్టాం, వచ్చే నెల ఇది చేయాలి, ఆ తరువాత అది చేయాలి. కథంతా పనులతో, ప్రయాణాలతో, రాబోయే వాటితో నిండి ఉంటుంది. అది వాండ్స్ భాష. మరికొందరు ఇలా చెబుతారు: ఎవరికీ చెప్పనిది చెప్పుకున్నాను, పక్కన కూర్చుంటే చాలనిపించింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో తెలియదు. అక్కడ పనులు లేవు, జరిగినదానికి సంఘటన అని పేరు పెట్టడానికి కూడా ఏమీ ఉండదు. అది కప్స్ భాష. వచ్చిన కార్డూ వింటున్న భాషా ఒకటే అయితే ఆ కార్డును నేరుగా చదవండి. రెండూ వేరుగా ఉంటే ఆగండి. ఎందుకంటే అప్పుడు ఆ కార్డు వారు చెప్పని దాన్ని చూపిస్తూ ఉండవచ్చు, లేదా ఆ స్థానంలో వారి గురించి కాకుండా ఎదుటివారి గురించి చెబుతూ ఉండవచ్చు.

రెండవది, నేను ఒక ప్రశ్న అడుగుతాను. "మీరిద్దరూ ఏమీ చేయని రోజున ఎలా ఉంటుంది?" సినిమా లేదు, ప్రయాణం లేదు, మాట్లాడుకోవడానికి కొత్త విషయం లేదు. అలాంటి రోజున పాత్ర నిండుతుందా, ఖాళీ అవుతుందా? కప్స్‌తో మొదలైన బంధం ఏమీ చేయని రోజున బలపడుతుంది. వాండ్స్‌తో మొదలైన బంధం ఆ రోజున నీరసిస్తుంది, ఒకరినొకరు విసుక్కుంటారు, మళ్లీ ఒక పని దొరకగానే ఇద్దరి ముఖాల్లోనూ వెలుగు వస్తుంది. అలాగని అది ప్రేమ కాదనకండి. కలిసి పని చేయడంలోనే ఒకరికొకరు దొరికే జంటలు మీ చుట్టూ ఎన్ని లేవు? కలిసి దుకాణం నడిపేవారిని చూడండి, కలిసి పొలం చేసేవారిని చూడండి. వారి మధ్య ఉన్నది ఏమిటి? అది వాండ్స్ ప్రేమ, వేరు పట్టిన వాండ్స్ ప్రేమ.

మూడవది, వచ్చిన ఏస్ తరువాత ఆ రంగు ఎటు నడుస్తుందో చూపించే కార్డులు. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే "వాండ్స్ నిలవదు, కప్స్ నిలుస్తుంది" అన్న నమ్మకం ఇక్కడే వీగిపోతుంది. రెండు వరుసల్లోనూ నాలుగవ కార్డు తీయండి. ఫోర్ ఆఫ్ వాండ్స్‌లో ఏముంది? నాలుగు కర్రలు నేలలో నాటారు, వాటి పైన పూలదండ కట్టారు, ఇద్దరు పూలగుత్తులు ఎత్తి పట్టుకుని ఉన్నారు, వెనుక వంతెన దాటితే పాత భవనం. అంటే ఏస్‌లో గాలిలో ఉన్న కర్ర నాలుగుకు వచ్చేసరికి నేలలో దిగింది. సామరస్యం, విశ్రాంతి, ఇంటి పండుగ అని వెయిట్ దానికి అర్థం చెప్పారు. ఇప్పుడు ఫోర్ ఆఫ్ కప్స్ తీయండి. ఒక యువకుడు చెట్టు కింద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా గడ్డి మీద మూడు పాత్రలు ఉన్నాయి. మబ్బులోంచి ఒక చెయ్యి నాలుగవ పాత్రను అందిస్తోంది. ఆ చేతిని గుర్తుపట్టారా? మన ఏస్‌లో వచ్చిన చెయ్యే అది, మళ్లీ వచ్చింది. అతను దాన్ని చూడడం లేదు. నిండిన హృదయానికి విసుగు పుట్టడం కప్స్ దారిలో నాలుగవ మెట్టుకే వస్తుంది, ఐదవ మెట్టులో పాత్రలు ఒలికిపోతాయి. పదవ మెట్టులో ఇంద్రధనుస్సు కింద కుటుంబం ఉంది, నిజమే. కానీ మధ్యలో ఇంత ఉంది. వాండ్స్ దారిలో నాలుగుకే పండుగ ఉంది, ఐదులో కర్రలతో తలపడడం ఉంది, పదిలో మోయలేని మోపు ఉంది. ఒక దారి ప్రమాదం విసుగు, మరొక దారి ప్రమాదం బరువు. మొదట్లోనే ఈ రెండింటినీ వేరుచేసి చెప్పగలిగితే ఎదుటివారికి నిజంగా ఉపయోగం.

ఇక రెండు ఏస్‌లూ ఒకే స్ప్రెడ్‌లో వస్తే? గోల్డెన్ డాన్ పద్ధతిలో అగ్ని, జలం ఒకదానికొకటి విరుద్ధం. పక్కపక్కన పడితే ఒకదాని బలాన్ని మరొకటి తగ్గిస్తుందని చదువుతారు. ఆ సూత్రాన్ని నేను గౌరవిస్తాను, కానీ కొత్త బంధం విషయంలో దాన్ని పట్టుకుని "కుదరదు" అని చెప్పను. గృహప్రవేశం నాడు పాలు పొంగించడం మీరందరూ చూశారు. కింద మంట లేకపోతే పాలు పొంగవు. పక్కన ఎవరూ లేకపోతే పొంగిన పాలే మంటను ఆర్పేస్తాయి. రెండూ కావాలి, దగ్గర ఒక మనిషి కూడా కావాలి. కాబట్టి రెండు ఏస్‌లూ వచ్చినప్పుడు నేను మూడవ కార్డు వైపు చూస్తాను. పొయ్యి దగ్గర ఉన్నది ఎవరో ఆ కార్డు చెబుతుంది.

ఒక రీడింగ్

దీన్ని ఒక ఉదాహరణతో చెబుతాను. అనుమతి తీసుకునే చెబుతున్నాను. ఊళ్లు, కొన్ని వివరాలు మార్చాను. ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ల లోపు ఉంటుంది, గోదావరి వైపు పట్టణంలో ఉద్యోగం. పెళ్లిచూపులు జరిగాయి, రెండు వైపులా నచ్చింది, శ్రావణంలో నిశ్చితార్థం అనుకున్నారు. అబ్బాయి పుణెలో ఉంటాడు. రోజూ రాత్రి ఫోనులో మాట్లాడుకుంటున్నారు. ఆమె అడిగినది: "మా మధ్య మొదలైనది ఏమిటి?" మూడు స్థానాలు పెట్టాను. మొదటిది ఆమెలో మొదలైనది. రెండవది అతని వైపు నుంచి ఆమెకు అందుతున్నది. మూడవది వీరిద్దరి మధ్య ఇప్పుడు చూసుకోవలసినది. రెండవ స్థానానికి నేను పెట్టిన పేరు గమనించండి. అతని మనసులో ఉన్నది అని పెట్టలేదు. అతను మన ఎదురుగా లేడు, అతను డెక్కు తాకలేదు, అతను అడగలేదు. అందుతున్నది మాత్రమే మనం చదవగలం.

మొదటి స్థానంలో ఏస్ ఆఫ్ వాండ్స్ వచ్చింది. రెండవ స్థానంలో ఏస్ ఆఫ్ కప్స్ వచ్చింది. మూడవ స్థానంలో ఫోర్ ఆఫ్ కప్స్ వచ్చింది. మూడూ నిటారుగానే వచ్చాయి.

ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. ఆమె అంతకుముందు ఎక్కడో చదివి ఉంది. "అంటే నాది ప్రేమ కాదా, నాది ఉత్త మోజేనా అండీ?" అని అడిగింది. ఇందాక నేను చెప్పిన తప్పు ఎంత గాయం చేస్తుందో చూశారా? పైగా స్త్రీ అయితే కప్స్ రావాలి, పురుషుడైతే వాండ్స్ రావాలి అన్న లెక్క ఒకటి మనలో ఉంది. కార్డులకు ఆ లెక్క తెలియదు.

నేను ఆమెను జరిగినది చెప్పమన్నాను. ఆమె పుణె గురించి చెప్పింది. అక్కడ ఏ సంస్థల్లో ఉద్యోగాలున్నాయో వెదికింది, ఏ ప్రాంతంలో ఇల్లు తీసుకోవాలో చూసింది, మరాఠీ నేర్చుకోవడం మొదలుపెట్టింది, వానాకాలంలో అక్కడి కోటలు ఎక్కాలనుకుంది. చెబుతున్నంతసేపూ ఆమె కళ్లు మెరిశాయి. పుట్టిన ఊరు దాటి బతకబోతున్న మనిషి ఉత్సాహం అది. ఏస్ ఆఫ్ వాండ్స్‌లో దూరాన కనిపించే కోట ఉందే, ఆమె చూపు దాని మీద ఉంది. వెయిట్ చెప్పిన కార్యారంభం, కొత్త కుటుంబపు మూలం, అక్షరాలా అదే. అందులో మోజు ఎక్కడుంది? ఆ ఉత్సాహం ఆమెది, నిజమైనది, విలువైనది. "మీలో మొదలైనది ఒక జీవితం పట్ల ఉత్సాహం. అది ఒక మనిషి పట్ల అయిందో లేదో ఈ కార్డు చెప్పడం లేదమ్మా" అన్నాను.

అతని సంగతి చెప్పమన్నాను. ఆమె కొంచెం ఆలోచించి, "ఆయన పెద్దగా ఏమీ మాట్లాడరండీ, వాళ్ల నాన్నగారి గురించి చెబుతారు" అంది. తండ్రి పోయి కొంతకాలమే అయింది. రాత్రిళ్లు ఆయన పాడే పద్యాలు, ఆయన చివరి రోజులు, ఇంట్లో ఎవరితోనూ పంచుకోలేని దుఃఖం: ఇవి అతను ఈ అమ్మాయితో చెబుతున్నాడు. ఇల్లు ఎక్కడ తీసుకుందామని ఆమె అడిగితే "చూద్దాం" అంటాడు. దాన్ని ఆమె ఆసక్తి లేకపోవడంగా అర్థం చేసుకుంది. ఇప్పుడు రెండవ స్థానంలోని కార్డు చూడండి. తెరిచిన అరచేతి మీద నిండుగా పొర్లుతున్న పాత్ర. అతను ఏమీ ఇవ్వడం లేదని ఆమె అనుకుంటోంది, తన దగ్గర ఉన్నదంతా అతను రోజూ రాత్రి ఇస్తున్నాడు.

అప్పుడు మూడవ కార్డు తనంతట తానే తెరుచుకుంది. చెట్టు కింద కూర్చుని, మబ్బులోంచి వచ్చిన పాత్రను చూడకుండా ఉన్నది ఎవరు? ఫోర్ ఆఫ్ కప్స్‌ను విసుగు అని చదివేస్తే "మీ సంబంధంలో అప్పుడే విసుగు వచ్చింది" అని చెప్పేవాళ్లం, అది పొరపాటు పఠనం అయ్యేది. పక్కన ఏస్ ఆఫ్ కప్స్ ఉంది కాబట్టి, రెండు కార్డుల్లోనూ మబ్బులోంచి వచ్చిన చెయ్యి ఒక్కటే కాబట్టి, అక్కడ చదవవలసినది చూడకపోవడం. ఆమె చూపు ఎదురుగా ఉన్న మూడు పాత్రల మీద, అంటే ఊరు, ఉద్యోగం, ఇల్లు అనే వాటి మీద ఉంది.

నేను ఆమెకు చేసుకోమని చెప్పలేదు, మానుకోమనీ చెప్పలేదు. ఒకటే అడిగాను. కొన్నాళ్లపాటు ఫోనులో పుణె మాట ఎత్తకుండా ఉండగలరా, అప్పుడు ఆ సంభాషణలో కూర్చోవాలని మీకు అనిపిస్తుందో లేదో చూడండి అన్నాను. ఏమీ చేయని రోజు పరీక్షే ఇది, ఫోనుకు తగ్గట్టు మార్చినది. కొన్ని వారాల తరువాత ఆమె మళ్లీ వచ్చింది. మొదట్లో మాటలు తగ్గిపోయాయట, నాలుగు నిమిషాలకే పెట్టేసేవారట, భయం వేసిందట. తరువాత ఒక రాత్రి తనే అడిగిందట, ఆ పద్యాలు ఏమిటి, ఒకటి వినిపించండి అని. శ్రావణంలో అనుకున్న నిశ్చితార్థాన్ని మార్గశిరానికి జరుపుకున్నారు. రెండు ఇళ్లలోనూ పెద్దలకు అది నచ్చలేదు, కానీ అమ్మాయీ అబ్బాయీ ఇద్దరూ కలిసి అడిగారు. ఇద్దరూ కలిసి అడగడం నాకు ముఖ్యంగా తోచింది, ఎందుకంటే అంతవరకు వారి కథలో "ఇద్దరూ కలిసి" అన్న క్రియ లేదు.

ఇప్పుడు రివర్స్ గురించి అడిగినవారికి. ఏస్ ఆఫ్ కప్స్ తలకిందులైతే పాత్రలోనిది ఒలికిపోతుంది. కొత్త బంధంలో అది రెండు విధాలుగా కనిపిస్తుంది: అందుకునేవారు లేని చోట అంతా పోసేసుకోవడం ఒకటి, పోయడానికి భయపడి పాత్రను బోర్లించి ఉంచడం మరొకటి. వెయిట్ దీనికి అబద్ధపు హృదయపు ఇల్లు, అస్థిరత అని పేర్లు పెట్టారు, కానీ ఎదుటి మనిషి మోసగాడని ఆ ఒక్క కార్డుతో చెప్పకండి. ఏస్ ఆఫ్ వాండ్స్ తలకిందులైతే చిగురు నేలచూపు చూస్తుంది: ఉత్సాహం వచ్చి వచ్చి ఆగిపోతుంది, మాట ఇచ్చి కలవరు, కలిసే రోజు మళ్లీ మళ్లీ వాయిదా పడుతుంది. మబ్బు కమ్మిన సంతోషం అని వెయిట్ ఒక అర్థం ఇచ్చారు, అది నాకు చాలా సరిగ్గా అనిపిస్తుంది. రెండింటినీ వేరుచేసే గుర్తు ఇది: కప్స్ తలకిందులైన చోట మనిషి దుఃఖపడుతూ వస్తారు, వాండ్స్ తలకిందులైన చోట చిరాకుపడుతూ వస్తారు.

ఒక పరిమితి కూడా చెప్పాలి. చెయ్యిని చూడమని నేను చెప్పినది స్మిత్ చిత్రాల మీద, వాటిని అనుసరించిన డెక్కుల మీద పనిచేస్తుంది. మార్సెయ్ డెక్కులో ఏస్ ఆఫ్ కప్స్‌కు చెయ్యే ఉండదు, ఒక భవనంలా కట్టిన పెద్ద పాత్ర ఒంటరిగా ఉంటుంది. కర్రకు మాత్రం చెయ్యి ఉంటుంది. థోత్ డెక్కులో రెండింటికీ చెయ్యి ఉండదు. ఆ డెక్కులు వాడేవారు అగ్ని, జలం అన్న భేదంతోనే మొదలుపెట్టి, ఎదుటివారి క్రియలను వినడం మీద ఎక్కువగా ఆధారపడండి.

చివరిగా మీరు ఇంటికి వెళ్లి చేయగలిగిన పని చెబుతాను. కొత్త పరిచయం గురించి కార్డు తీసి ఏస్ వస్తే, అదే ప్రశ్నకు మరునాడు మళ్లీ తీయకండి. ఏస్ మొదలును చూపిస్తుంది. మొదలు మరునాటికి మారదు, మారేది మన ఆందోళన. తేదీ రాసుకోండి, ఏ ఏస్ వచ్చిందో రాసుకోండి, ఆ రోజు మీరు ఆ బంధం గురించి చెప్పుకున్న మాటలను, ఆ క్రియలతో సహా, నాలుగు వాక్యాలు రాసుకోండి. ఒక నెల గడిచాక, అప్పటి మాటలు చదవకుండా ముందు కొత్తగా నాలుగు వాక్యాలు రాయండి, ఆ తరువాతే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పుడు ఒక కార్డు తీయండి. టూ ఆఫ్ కప్స్ వచ్చిందా, టూ ఆఫ్ వాండ్స్ వచ్చిందా, వేరే రంగు వచ్చిందా అన్నది ఆ రెండు కాగితాల పక్కన పెట్టి చదవండి. టూ ఆఫ్ వాండ్స్‌లో ఒక మనిషి కోటగోడ మీద నిలబడి, చేతిలో భూగోళం పట్టుకుని దూరం చూస్తున్నాడు, అతను ఒంటరిగా ఉన్నాడు. ఆ కార్డు వస్తే ఆ దూరంలో రెండవ మనిషికి చోటు ఉందా అని అడగవలసిన సమయం వచ్చిందన్నమాట. ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను.